టీషర్టు ఫొటోలో మాటలు మార్చాలంటే: స్మార్ట్ ఆబ్జెక్ట్ చాలా, డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ కూడా కావాలా?

పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే టీషర్టుల మీద మాటలు మార్చి చూపించే పని నా బల్ల మీదికి వరసగా వస్తూనే ఉంటుంది. ఈ మధ్య వచ్చిన ఒక ఫొటో ఈ వ్యాసానికి సరిగ్గా సరిపోతుంది. లేత బూడిదరంగు టీషర్టు వేసుకుని ఒక కుర్రవాడు నిలబడ్డాడు. ఛాతీ మీద నల్లటి అక్షరాలతో రెండు వరసల్లో ‘వరుడి పక్షం’ అని ఉంది. ఎడమ భుజం నుంచి నడుము వైపు ఒక పెద్ద మడత ఏటవాలుగా దిగి, ‘పక్షం’ అనే మాటను అడ్డంగా దాటుతోంది. అదే ఫొటోలో ‘వధువు పక్షం’, ‘మేనమామ’, ‘పెళ్లికొడుకు తమ్ముడు’ అని వేర్వేరుగా చూపించాలి. అచ్చు వేయించే ముందు ఇంట్లోవాళ్లు చూసి ఒప్పుకోవాలి కాబట్టి మాటలు నిజంగా బట్ట మీద ఉన్నట్టే కనిపించాలి.

ఇలాంటి పనికి ఫొటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్ట్ వాడాలా, డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ వాడాలా అని కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా అడుగుతారు. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. స్మార్ట్ ఆబ్జెక్ట్ అనేది ఒక పెట్టె. లోపల మాటలు ఉంటాయి, బయట వాటికి మీరు చేసిన వంపులూ ఫిల్టర్లూ ఉంటాయి. లోపలి మాటలు మార్చినా బయటి మలుపులు చెక్కుచెదరవు. డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ మడతను బట్టి అక్షరాలను అటూ ఇటూ జరుపుతుంది. అంటే మొదటిది ‘మాటలు ఎన్నిసార్లు మారతాయి’ అనే ప్రశ్నకు జవాబు, రెండోది ‘బట్ట ఎంత ముడతపడి ఉంది’ అనే ప్రశ్నకు జవాబు. ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా వేసుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు తేలిక సంగతి. మీ చేతిలో ఉన్నది తయారు చేసి అమ్మే మాకప్ PSD ఫైలు అయితే, లేయర్ల జాబితాలో డిజైను పెట్టుకోమని రాసి ఉన్న స్మార్ట్ ఆబ్జెక్ట్ ఒకటి సాధారణంగా ఉంటుంది. దాని బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే లోపలి ఫైలు వేరుగా తెరుచుకుంటుంది. మాట మార్చి `Ctrl+S` కొడితే బయట ఫొటోలో మారిపోతుంది. మ్యాప్ కావాలా వద్దా అన్నది ఆ మాకప్ చేసినవాళ్లే చాలాసార్లు తేల్చి పెట్టి ఉంటారు కాబట్టి అక్కడ మీరు తలపట్టుకోనక్కర్లేదు. కష్టమంతా మా కుర్రవాడి ఫొటోలాంటి ఒట్టి JPEG దగ్గర మొదలవుతుంది.

స్మార్ట్ ఆబ్జెక్ట్, వార్ప్ చాలు అనుకునే చోటు

టీషర్టును బల్ల మీద పరిచి పైనుంచి తీసిన ఫొటో అయితే డిస్‌ప్లేస్‌మెంట్ జోలికి పోవద్దని నా సలహా. బట్ట దాదాపు చదునుగా ఉంటుంది, అక్షరం గీత వంగదు. మాటలను స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, `Edit > Transform > Warp` తో ఛాతీ భాగంలో కొద్దిగా ఒంపు ఇస్తే సరిపోతుంది. స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద చేసిన వార్ప్ తర్వాత మళ్లీ తెరిచి సవరించుకోవచ్చు కాబట్టి తొందరపడి తప్పు చేసినా నష్టం లేదు.

మనిషి వేసుకున్న టీషర్టుకు కూడా వార్ప్ అవసరమే. ఒంటి గుండ్రదనం, పక్కకు తిరిగి నిలబడటం, పొట్ట దగ్గర బట్ట లోపలికి పోవడం వంటి పెద్ద మలుపులన్నీ దాని పని. వీటిని డిస్‌ప్లేస్‌మెంట్‌తో సాధించాలని చూస్తే విలువలు బాగా పెంచాల్సి వస్తుంది. అప్పుడు అక్షరం అంచులు రంపంలా లేస్తాయి. ఒంపు వార్ప్‌కు, ముడత మ్యాప్‌కు అని పని పంచుకోండి.

ఇక్కడ పెట్టె కొలత గురించి ఒక మాట. టైప్ చేసిన మాటనే నేరుగా స్మార్ట్ ఆబ్జెక్ట్ చేస్తే లోపలి కాన్వాస్ ఆ మాట కొలతకే బిగిసిపోతుంది. ‘మేనమామ’ కోసం చేసిన పెట్టెలో ‘పెళ్లికొడుకు తమ్ముడు’ పట్టదు, చివరి అక్షరాలు తెగిపోతాయి. కాన్వాస్ పెంచితే బయట మీరు కుదిర్చిన చోటూ కొలతా చెదిరిపోతాయి. అందుకే నేను ముందు అచ్చు పడగల జాగా అంతటికీ సరిపోయే దీర్ఘచతురస్రం ఒకటి గీస్తాను. దాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, లోపలికి వెళ్లి, ఆ దీర్ఘచతురస్రాన్ని కనిపించకుండా దాచి, దాని మీద మాటలు రాస్తాను. ఆ తర్వాత మాట పొడుగైనా పొట్టిదైనా పెట్టె కొలత మారదు. పెట్టెను మొదట పెద్దగా చేసి ఫొటోలో చిన్నది చేసుకోండి. చిన్నగా చేసి సాగదీస్తే అచ్చు మసకబారుతుంది.

మ్యాప్ ఎప్పుడు కావాలి, అది దేన్ని చూస్తుంది

మడత అక్షరాన్ని దాటుతూ ఉంటే మ్యాప్ కావాలి. మా ఫొటోలో వార్ప్ ఒక్కటే చేసి చూస్తే ‘పక్షం’ అనే మాట మడత మీద అద్దం అతికించినట్టు తిన్నగా నిలిచిపోయింది. నీడ దాని మీద పడుతున్నా గీత మాత్రం వంగలేదు. చూసేవారికి ఎక్కడ తేడా ఉందో తెలియకపోయినా, ఏదో తేడా ఉందని మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

మ్యాప్‌కు బట్ట ఎత్తుపల్లాలు తెలియవు. దానికి తెలిసింది వెలుగునీడలే. నలుపు నుంచి తెలుపు వరకు 0 నుంచి 255 దాకా ఉన్న విలువల్లో 128 అంటే ‘కదలవద్దు’ అని అర్థం. 128 కంటే ముదురుగా ఉన్నచోట అక్షరం ఒక వైపుకు, లేతగా ఉన్నచోట ఎదురు వైపుకు జరుగుతుంది. Displace ఫిల్టర్‌లో మీరు ఇచ్చే Scale విలువను బట్టి ఎంత జరుగుతుందో లెక్క సులువు:

```
జరుగుడు (పిక్సెళ్లు) = (128 − మ్యాప్ విలువ) × Scale ÷ 100
```

మడత నీడలో విలువ 68 ఉండి Scale 10 ఇస్తే 60లో పదో వంతు, అంటే 6 పిక్సెళ్లు. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే చాలా చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. పాఠాల్లో చెప్పిన 10 అనే విలువ మీ ఫొటోలో పనిచేయలేదంటే కారణం తరచుగా ఫొటో కొలతే. 3000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో కంటికి ఆనిన 6 పిక్సెళ్లు 6000 వెడల్పున్న ఫొటోలో సగమే కనిపిస్తాయి. అక్కడ 20 ఇవ్వాలి.

ఈ లెక్కే ఇంకో సంగతి కూడా చెబుతుంది. మా బూడిదరంగు బట్ట సగటు విలువ 190 దగ్గర ఉంది. దాన్ని అలాగే మ్యాప్‌గా వాడితే మడత లేని చోట కూడా (128 − 190) లెక్కన మాట మొత్తం 6 పిక్సెళ్లకు పైగా పక్కకు జరుగుతుంది. తెల్ల టీషర్టుకు, నల్ల టీషర్టుకు ఇది మరీ ఎక్కువ. ‘ఫిల్టర్ వేయగానే అచ్చు స్థానం మారిపోయింది, ముడతలు మాత్రం పడలేదు’ అని ఎవరైనా అంటే ముందుగా చూడాల్సింది ఇదే. మ్యాప్ ఫైలులో `Levels` తెరిచి, మధ్య స్లైడర్‌ను జరిపి, మడత లేని బట్ట సుమారు 128కి వచ్చేలా చేయాలి. నల్ల బట్టలో మడతలు ఒకదానికొకటి చాలా దగ్గరి విలువల్లో ఉంటాయి కాబట్టి రెండు చివరల స్లైడర్లను కూడా లోపలికి తెచ్చి తేడా పెంచాలి.

వెలుగునీడలే దాని కళ్లు కాబట్టి అది మోసపోయే చోట్లు కూడా ఉన్నాయి. ఎదురుగా మెత్తటి వెలుతురు పడిన ఫొటోలో ముడతలు ఉన్నా నీడలు ఉండవు. అక్కడ మ్యాప్ ఏమీ చేయదు, వార్ప్‌తోనే సరిపెట్టుకోవాలి. చారల టీషర్టులో ప్రతి చారనూ మడత అనుకుంటుంది. మా పనికి అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది. పాత అక్షరాలను కూడా అది మడతలే అనుకుంటుంది.

పాత మాట చెరిపాకే మ్యాప్

చాలామంది ఫొటో తెరవగానే మ్యాప్ తయారు చేసుకుని, ఆ తర్వాత పాత అక్షరాలు చెరుపుతారు. అప్పుడు మ్యాప్‌లో ‘వరుడి’ అనే మాట నల్లగా నిలిచే ఉంటుంది. పైన ‘వధువు’ అని రాస్తే, కింద కనిపించని ‘రుడి’ ఆకారంలో కొత్త అక్షరాలు వంకర్లు పోతాయి. ఫలితం చూస్తే విలువ ఎక్కువైందేమో అనిపిస్తుంది, తగ్గించినా వంకర పోదు. బట్ట మీద మడత లేని చోట అక్షరం అంచు చిన్న చిన్న మెట్లుగా వంగితే పాత మాట మ్యాప్‌లో మిగిలిపోయిందని గుర్తు.

అందువల్ల మొదటి పని చెరపడం. పైన ఒక ఖాళీ లేయర్ పెట్టి, Clone Stamp సాధనానికి Sample దగ్గర Current & Below ఎంచుకోండి. చదునైన బట్ట మీద పని త్వరగా అవుతుంది. మడత అక్షరాన్ని దాటిన చోటే ఓపిక కావాలి. మడత గీతకు పైనా కిందా మిగిలిన నీడ నుంచే నమూనా తీసుకుని, ఆ గీత వెంటే సాగుతూ, రెండు కొసలనూ కలపాలి. అడ్డంగా రుద్దితే మడత మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది. మా ఫొటోలో చెరిపే పని అంతా ఒక ఎత్తు, ‘క్ష’ కింద ఉన్న రెండు అంగుళాల మడతను తిరిగి కట్టడం ఒక ఎత్తు అయింది. మ్యాప్‌ను ఎలాగూ మసక చేస్తాం కాబట్టి దాని కోసం నేత కుదరకపోయినా ఫర్వాలేదు, వెలుగునీడ కుదిరితే చాలు. కానీ ఈ చెరిపిన బట్టే ఫొటోలోనూ కనిపిస్తుంది కదా, నేత కూడా కుదిరేదాకా ఆగవలసిందే.

శుభ్రమైన బట్ట చేతికి వచ్చాక `Image > Duplicate` తో నకలు తీసి, `Image > Mode > Grayscale` లోకి మార్చి, లేయర్లన్నీ కలిపేసి, `Levels` తో 128కి తెచ్చి, Gaussian Blur వేయండి. 3000 × 4000 ఫొటోకు నేను 5 పిక్సెళ్లతో మొదలుపెడతాను. మసక చేయకపోతే నూలు పోగుల నేత కూడా మ్యాప్‌లోకి వచ్చి అక్షరం అంచు చిరిగిన కాగితంలా అవుతుంది. మరీ ఎక్కువ చేస్తే మడతలే కరిగిపోతాయి. నేత పోవాలి, మడత మిగలాలి. అది కంటితో చూసి ఆపాల్సిన చోటు. తర్వాత PSD గా భద్రపరచండి. Displace ఫిల్టర్ PSD ఫైలునే మ్యాప్‌గా తీసుకుంటుంది, JPEG ఇస్తే ఒప్పుకోదు.

రెండూ కలిపితే

మాట ఒక్కసారే మారేదైనా, పదిసార్లు మారేదైనా, మడతలున్న ఫొటోకు నా ఎంపిక ఒక్కటే. మాటలు స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో ఉండాలి, దాని మీద వార్ప్ ఉండాలి, ఆ పైన Displace ను స్మార్ట్ ఫిల్టర్‌గా వేయాలి. మామూలు లేయర్ మీద Displace వేస్తే పిక్సెళ్లు శాశ్వతంగా మారిపోతాయి. కొత్త మాట వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచీ చేయాలి. స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద వేస్తే ఫిల్టర్ పేరు లేయర్ కింద నిలిచి ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కి విలువ మార్చవచ్చు, లోపలి మాట మార్చగానే అదే మళ్లీ లెక్క వేసుకుంటుంది.

`Filter > Distort > Displace` తెరిచినప్పుడు Horizontal Scale, Vertical Scale అని రెండు విలువలు అడుగుతుంది. రెంటికీ ఒకే అంకె ఇస్తే అక్షరాలన్నీ ఏటవాలుగా జరుగుతాయి. నిలువు మడతకు Horizontal, అడ్డ మడతకు Vertical ఎక్కువగా ఉంచి రెండోది తగ్గిస్తే సహజంగా ఉంటుంది. మా ఏటవాలు మడతకు 10, 6 కుదిరాయి. వంపు ఉల్టాగా వచ్చినట్టు అనిపిస్తే మైనస్ విలువ ఇచ్చి చూడండి. అదే పెట్టెలో Embed File Data in Smart Object అని ఒక గడి ఉంటుంది. దాన్ని తప్పకుండా టిక్ చేయండి. ఒకసారి నేను టిక్ చేయకుండా ఫైలు ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్లాను. మ్యాప్ ఫైలు పాతదాంట్లోనే ఉండిపోవడంతో టీషర్టు మీది మాట మార్చగానే ఫిల్టర్ దాన్ని వెతుక్కుంటూ ఆగిపోయింది.

మ్యాప్ సరైన చోట కూర్చుందో లేదో మాటలు చూసి తెలుసుకోవడం కష్టం. లోపలి ఫైలులో మాటలను దాచి, అడ్డంగా సన్నటి గీతలు కొన్ని గీసి సేవ్ చేసి చూడండి. ఫొటోలో మడత ఉన్న చోటే గీతలు వంగితే అంతా సవ్యంగా ఉన్నట్టు. మడతకు అంగుళం అవతల వంగితే మ్యాప్ కొలతా ఫొటో కొలతా ఒకటి కాకపోయి ఉండాలి, లేదా మీ పెట్టె ఫొటో అంచు దాటి బయటికి పోయి ఉండాలి. పెట్టెను ఫొటో లోపలే ఉంచడం మేలు.

తెలుగు అక్షరాలు ఎంత వంపు తట్టుకోగలవు

తెలుగు లిపి గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి వంపు దానికి ఎబ్బెట్టు కాదు. ఇంగ్లీషు పెద్ద అక్షరాల నిలువు గీత మూడు పిక్సెళ్లు వంగినా కన్ను పట్టేస్తుంది, మన సున్నా వంగితే పట్టించుకోదు. అయితే మనకు వేరే ప్రమాదం ఉంది. ‘ప’కూ ‘వ’కూ తేడా తలకట్టు దగ్గరే. ‘ప’లో తలకట్టు విడిగా నిలుస్తుంది, ‘వ’లో కలిసిపోతుంది. మా ఫొటోలో ‘ప’ తలకట్టుకూ ఒంటికీ మధ్య ఖాళీ 14 పిక్సెళ్లు. మడత అంచు సరిగ్గా ఆ ఖాళీ మీదుగా పోతోంది. Scale 10 ఇచ్చినప్పుడు ఖాళీ తగ్గినా నిలిచింది. 20 ఇచ్చి చూస్తే దాదాపు మూసుకుపోయి, దూరం నుంచి ‘పక్షం’ కాస్తా ‘వక్షం’గా చదువుకునేలా అయింది. విలువ పెంచేటప్పుడు ఫొటోను చిన్నది చేసి, ఫోను తెర కొలతలో చదివి చూడండి. ఖాళీ ఎక్కువగా ఉన్న ఫాంటు ఎంచుకోవడమో, మాటను పది పిక్సెళ్లు పక్కకు జరిపి మడతను అక్షరం కడుపులోకి తేవడమో చేస్తే తీరిపోతుంది.

పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే Paragraph ప్యానెల్ మెనూలో World-Ready Layout ఎంచుకోండి. డీటీపీవాళ్లు అను ఫాంట్లతో ఇచ్చిన మాట అయితే దాన్ని యూనికోడ్ ఫాంటులోకి మార్చినప్పుడు అర్థం లేని గుర్తులు వస్తాయి. పేర్లు పదేపదే మారే పెట్టెలో మొదటి నుంచీ ఒకే పద్ధతిలో ఉండటం మంచిది.

మ్యాప్ చేయలేనిది

బట్ట తన మీదికి తానే మడతపడితే అక్షరంలో కొంత ముక్క ఆ మడత లోపలికి పోయి కనిపించకుండా ఉండాలి. డిస్‌ప్లేస్‌మెంట్ జరుపుతుందే గానీ దాచలేదు. అక్కడ స్మార్ట్ ఆబ్జెక్ట్‌కు లేయర్ మాస్క్ పెట్టి, మడత అంచు వెంట సన్నటి గట్టి బ్రష్‌తో నల్లగా తుడవాలి. చేయి ఛాతీకి అడ్డం వచ్చినా ఇదే దారి. ఈ మాస్క్ పెట్టె బయట ఉంటుంది కాబట్టి మాట ఏది మారినా అలాగే నిలుస్తుంది.

సిరా రంగు సంగతి త్వరగా తేలిపోతుంది. లేత బట్ట మీద ముదురు అక్షరాలకు లేయర్‌ను Multiply లో పెడితే నేతా నీడా పైకి కనిపిస్తాయి. నల్ల బట్ట మీద తెల్ల అక్షరాలకు Multiply పనికిరాదు. Layer Style లో Blend If దగ్గర Underlying Layer నల్ల స్లైడర్‌ను `Alt` నొక్కి రెండుగా విడదీస్తే ముదురు నీడ ఉన్నచోట తెలుపు మెల్లగా తగ్గుతుంది.

ఫొటోషాప్ లేనివారికి GIMP లో `Filters > Map > Displace` ఉంది. అక్కడ మ్యాప్‌ను తెరిచి ఉన్న బొమ్మల్లోంచే ఎంచుకోవచ్చు. రెండు మూడు మాటలకు అది చాలు. పేర్ల జాబితా పొడుగైతే మాత్రం స్మార్ట్ ఆబ్జెక్ట్ లేని లోటు తెలుస్తుంది.

మా పనిలో నేను మొదట ‘పెళ్లికొడుకు తమ్ముడు’ పెట్టి విలువలన్నీ కుదిర్చాను. అన్నిటికంటే పొడుగైనది అదే, పైగా ‘మ్ము’లో కింది ఒత్తు సరిగ్గా మడత నీడలో పడింది. ఆ ఒత్తు అక్షరం నుంచి విడిపోకుండా నిలిచాక లోపలి ఫైలులో ‘మేనమామ’, ‘వధువు పక్షం’ వరసగా మార్చి సేవ్ చేశాను. ‘వధువు పక్షం’ దగ్గర మాత్రం ‘ప’ తలకట్టు కోసం రెండో వరసను కొద్దిగా కుడికి జరిపాను. మిగతా పేర్లకు బయట ఏదీ ముట్టుకోలేదు.